పాప గుండెలో చిల్లు ఉందంటున్నారు, ఆపరేషన్ పడుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పాప పుట్టి 16 రోజులైంది. నెలలు నిండాకే పుట్టింది, 2.9 కిలోలు. రెండో రోజు గుండెలో శబ్దం వస్తోందని ఎకో తీయించారు. ‘పీఎఫ్ఓ 2 మి.మీ., లెఫ్ట్ టు రైట్ షంట్, చిన్న పీడీఏ’ అని రిపోర్టు. గ్రహణం పట్టిందంటోంది మా అత్తయ్య. పాలు బాగానే తాగుతోంది, ఇప్పుడు 3.1 కిలోలు. గట్టిగా ఏడిస్తే పెదాల చుట్టూ నీలంగా అవుతోంది. ఆపరేషన్ తప్పదా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఆపరేషన్ కాదు కదా, మందు కూడా అక్కర్లేదండీ. రెండో రోజు ఎకో తీస్తే ఈ రెండూ కనబడటం చాలా మామూలు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని మీ అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి.

అసలు అది కొత్తగా పడ్డ చిల్లు కాదు, కడుపులో ఉన్నన్నాళ్లూ మీ పాపను బతికించిన దారి. కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది, వాటి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. ఆక్సిజన్ వచ్చేది మాయ నుంచి, బొడ్డుతాడులోంచి. ఆ మంచి రక్తం గుండెలో కుడి పై గదికి చేరుతుంది, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి చేసే పనేమీ లేదు కాబట్టి, పై గదుల మధ్య గోడలో ఉన్న సందులోంచి నేరుగా ఎడమవైపుకు దాటి, మెదడుకూ గుండె కండరానికీ ముందుగా అందుతుంది. ఆ సందు పేరు ఫొరామెన్ ఒవేల్, పుట్టాక అది ఇంకా తెరిచి ఉంటే రిపోర్టులో పీఎఫ్ఓ అని రాస్తారు. కుడి కింది గదికి దిగిన రక్తంలో కూడా ఎక్కువ భాగం ఊపిరితిత్తులకు పోకుండా డక్టస్ అనే అడ్డదారిలో బృహద్ధమనిలో కలిసిపోతుంది, పుట్టాక ఆ దారి ఇంకా తెరిచి ఉంటే అదే పీడీఏ.

సందుకు ఎడమవైపున పల్చటి పొర తలుపులా ఉంటుంది. మన కోనసీమ వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. సముద్రానికి దగ్గర్లో మురుగు కాలువల తూములకు ఒకవైపే తెరుచుకునే తలుపులు ఉంటాయి చూడండి, కాలువ నీరు ఎక్కువైతే తోసుకుని బయటికి పోతుంది, పోటు వచ్చి సముద్రం వైపు నీరు పెరిగితే ఆ బరువుకే తలుపు మూసుకుంటుంది. ఎవరూ వెళ్లి మూయక్కర్లేదు. కడుపులో బిడ్డకు కుడివైపు ఒత్తిడి ఎక్కువ, కాబట్టి తలుపు తెరిచే ఉంటుంది.

పుట్టగానే రెండు పనులు దాదాపు ఒకేసారి జరుగుతాయి. బిడ్డ ఏడ్చి గాలి పీల్చేసరికి ఊపిరితిత్తుల్లోని నీరు ఒంట్లోకి ఇంకిపోతుంది, ఆక్సిజన్ తగిలి రక్తనాళాలు విచ్చుకుంటాయి, అక్కడికి వెళ్లే రక్తం ఎనిమిది పది రెట్లు పెరుగుతుంది. అదంతా తిరిగొచ్చి ఎడమ పై గదిలోనే పడుతుంది. ఇటు బొడ్డుతాడు బిగించేసరికి కుడి గదికి వచ్చే రక్తం తగ్గిపోతుంది. అంటే ఎడమవైపు పోటు వచ్చింది, తలుపు పడింది. డక్టస్ మాత్రం కండరం బిగిసి మూసుకోవాలి, దానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. మీ పాపకు ఎకో తీసింది సరిగ్గా ఆ మధ్యలో, ఆ శబ్దమూ బహుశా దాంట్లోంచి వచ్చిందే.

తలుపు పడటం వేరు, గోడకు అతుక్కోవడం వేరు. అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా సందులోంచి కాస్త రక్తం ఎడమ నుంచి కుడికి కారుతుంది, మీ రిపోర్టులో షంట్ అన్నది అదే. పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి అది అసలు అతుక్కోదు. తెలియకుండానే బతికేస్తారు.

ఇక నీలం సంగతి. గుక్కపట్టి ఏడ్చినప్పుడు కుడివైపు ఒత్తిడి పెరిగి తలుపు కొద్దిగా తెరుచుకోవచ్చు, అప్పుడు కాస్త చెడు రక్తం ఎడమవైపుకు జారుతుంది, ఊరుకోగానే సర్దుకుంటుంది. పెదాల చుట్టూ చర్మం కాదు, నాలుక చూడండి. ఎర్రగా ఉంటే టెన్షన్ వద్దు. నాలుక నీలంగా మారినా, పడుకున్నప్పుడు నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, పాలు తాగుతూ చెమటలు పట్టి మధ్యలో అలసిపోతున్నా, అదే పూట తీసుకెళ్లండి. కొందరు బిడ్డల్లో ఊపిరితిత్తుల నాళాలు విచ్చుకోవు, కుడివైపు ఒత్తిడి తగ్గదు, రక్తం పాత దారుల్లోనే పోతుంది. అది ప్రమాదం. కానీ అది పుట్టిన మొదటి గంటల్లో, రోజుల్లో బయటపడుతుంది, ఆ బిడ్డలు పాలు తాగి 3.1 కిలోలకు రారు.

అయినా ఈ వారంలో పిల్లల డాక్టర్ దగ్గర కుడిచేతికీ ఒక పాదానికీ ఆక్సిజన్ చూపించండి. కుడిచెయ్యే ఎందుకంటే దాని రక్తనాళం డక్టస్ కలిసే చోటుకు ముందే చీలిపోతుంది, పాదానికి వెళ్లేది ఆ తర్వాత. రెండు చోట్లా 95 లేదా ఆ పైన ఉండి, తేడా 3 దాటకపోతే సరే. అదే రోజు స్టెతస్కోపుతో గుండె కూడా విననివ్వండి. శబ్దం లేకపోతే మూడు నుంచి ఆరు నెలల మధ్య ఒకసారి ఎకో చాలు, శబ్దం ఇంకా వినిపిస్తే డక్టస్ మూసుకుందో లేదో చూడటానికి అది ముందే తీస్తారు. పాత రిపోర్టు పారేయకండి, పోల్చి చూడటానికి అదే కావాలి.