సిప్ రాబడి: 6.4 శాతమా, 12 శాతమా?

"ప్రతి నెలా 1వ తేదీన 10,000 చొప్పున 12 నెలలు సిప్ కట్టాను. ఏడాది నిండేసరికి విలువ 1,27,660. నా లెక్కలో 6.4 శాతం, యాప్‌లో 12 శాతం. ఏది నిజం?"

రెండూ నిజమే. మీరు తీసినది కాలంతో పనిలేని మొత్తం రాబడి, అంటే ఆబ్సల్యూట్ రిటర్న్: 1,20,000 మీద 7,660 లాభం. అయితే మీ మొదటి వాయిదా 12 నెలలు పనిచేయగా చివరిది ఒక్క నెలే పనిచేసింది కనుక, సగటున మీ డబ్బు మదుపులో ఉన్నది ఆరున్నర నెలలే. ఆ వ్యవధిలో 6.4 శాతం అంటే ఏడాదికి సుమారు 12 శాతం. మీ యాప్ చూపే ఎక్స్ఐఆర్ఆర్, అంటే ప్రతి వాయిదా తేదీని లెక్కలోకి తీసుకునే వార్షిక రాబడి, చెప్పేది ఇదే. అదే 1,20,000 తొలిరోజే ఒకేసారి పెట్టి, ఏడాదికి ఇదే 1,27,660 వచ్చి ఉంటే సీఏజీఆర్, అంటే ఏటా చక్రవడ్డీ లెక్కన పెరిగిన రేటు, 6.4 శాతమే అయ్యేది. ఏకమొత్తానికి సీఏజీఆర్ చాలు. సిప్‌కు దాన్ని వాడితే రాబడి తక్కువగా కనిపిస్తుంది.

ఎక్సెల్‌లో మీరే సరిచూసుకోవచ్చు: వాయిదాలను మైనస్ గుర్తుతో, నేటి విలువను ప్లస్‌గా B నిలువు వరుసలోను, తేదీలను A లోను రాయండి.

```
=XIRR(B1:B13, A1:A13)
```

మైనస్ గుర్తు మరిస్తే (చాలామంది మరుస్తారు) #NUM! వస్తుంది. ఏడాది నిండని సిప్‌కు మాత్రం ఎక్స్ఐఆర్ఆర్‌ను నమ్మవద్దు: ఒక్క నెలలో వచ్చిన 3 శాతాన్ని అది ఏడాదికి దాదాపు 43 శాతంగా చూపుతుంది. అక్కడ మొత్తం రాబడే సరైన కొలత.