ఛార్జర్ పెట్టే ఆడుతున్నా గేమ్ ఎందుకు నత్తనడక నడుస్తోంది?

"నాలుగేళ్ల గేమింగ్ ల్యాప్‌టాప్. 180 వాట్ల ఛార్జర్ పాడైతే 120 వాట్లది కొన్నాను. గేమ్ పది నిమిషాలు బాగానే ఆడి, తర్వాత 60 ఫ్రేముల నుంచి 20కి పడిపోతోంది. వేడి వల్లనా?"

వేడి కంటే నాకు ఛార్జర్ మీదే అనుమానం. గేమ్‌లో ప్రాసెసర్ 45, గ్రాఫిక్స్ చిప్ 80, స్క్రీన్, ఫ్యాన్లు వగైరా 20 వాట్లు లాగాయనుకోండి, మొత్తం 145. ఛార్జర్ ఇచ్చేది 120. లోటు 25 వాట్లను చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ నుంచి తీసుకుంటాయి. బ్యాటరీ కొత్తదైతే కొంతసేపు నెట్టుకొస్తుంది. పాతబడ్డ బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరిగి ఉంటుంది కాబట్టి, ఒక్కసారిగా లోడ్ పడగానే వోల్టేజ్ దిగిపోతుంది. మెషీన్ ఆగిపోకుండా ల్యాప్‌టాప్ వెంటనే ప్రాసెసర్, గ్రాఫిక్స్ వేగాన్ని బాగా తగ్గించేస్తుంది. మీకు కనిపించే 20 ఫ్రేములు అవే.

ఫ్రేములు పడినప్పుడు ఉష్ణోగ్రత 70 డిగ్రీల లోపే ఉండి, ప్లగ్‌లో ఉన్నా ఛార్జ్ శాతం తగ్గుతుంటే కారణం కరెంటే. బ్యాటరీ సంగతి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ కమాండ్ ఇస్తే వచ్చే రిపోర్టు చెబుతుంది:

```
powercfg /batteryreport
```

రిపోర్టులో FULL CHARGE CAPACITY అనేది DESIGN CAPACITYలో సగానికి వచ్చి ఉంటే బ్యాటరీ బాగా అరిగినట్టే. అయినా ముందు మీ మోడల్‌కు సరిపోయే 180 వాట్ల ఛార్జర్ కొనండి. చిన్న ఛార్జర్‌తో కొత్త బ్యాటరీ కూడా త్వరగా అరుగుతుంది. అప్పటిదాకా గేమ్‌లో ఫ్రేములను 40కి పరిమితం చేస్తే లోడ్ తగ్గుతుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వాడకం ఆపేయండి.