డెల్టాలో డీపీఆర్ చెరువు నీటిమట్టం దగ్గర మొదలవ్వాలి

ప్రశ్న: మా ఊరికి తారు రోడ్డు కోసం డీపీఆర్, అంటే పని వివరాలూ ఖర్చూ రాసే ప్రాజెక్టు నివేదిక, తయారవుతోంది. ఊరివాళ్లం అందులో ఏం చూసుకోవాలి?

రోడ్డు పక్కన రొయ్యల చెరువులుంటే ముందు ఎత్తు ఎంత రాశారో చూడండి. నేను రిటైరయ్యేదాకా ఇలాంటి అంచనాలే వేశాను. డెల్టాలో రోడ్డును లారీ కంటే కింది తేమే ఎక్కువ పాడుచేస్తుంది.

భీమవరం వైపు ఒక రోడ్డు రెండో వానాకాలానికే చక్రాల జాడలో కుంగిపోయింది. అందరూ తారు బాగోలేదన్నారు. నేను బెర్ము, అంటే తారు పక్కనుండే మట్టి అంచు, దాని పక్కన గొయ్యి తవ్వించాను. రెండడుగులు దిగేసరికి నల్లమట్టి పిడికిట్లో పిసికితే వేళ్ల సందుల్లోంచి జారింది. కాసేపటికి గోతిలో నీళ్లు ఊరి, పక్క చెరువు మట్టానికి వచ్చి ఆగాయి. డీపీఆర్ తీసి చూస్తే నీటిమట్టం కొలిచింది మే నెలలో, కాలువలు కట్టేసి చెరువులు ఎండగట్టిన రోజుల్లో!

సబ్‌గ్రేడ్, అంటే రోలర్‌తో గట్టిచేసే పై మట్టి పొర, దాని అడుగు నీటిమట్టానికి కనీసం 60 సెంటీమీటర్ల పైన ఉండాలి. ఆ పొర 30, దాని మీద కంకర, తారు కలిపి ఇంకో 32 అనుకోండి. అంటే నీటి నుంచి రోడ్డు పైభాగానికి సుమారు 1.2 మీటర్లు. చెరువు నీళ్లు చేను మట్టానికి 45 సెంటీమీటర్లు పైన నిలిస్తే రోడ్డు చేను నుంచి 1.65 మీటర్లుండాలి. అక్కడున్నది 90 సెంటీమీటర్లే.

ఈ 75 సెంటీమీటర్లు పెంచడంతోనే అంచనా మారిపోతుంది. గట్టు పైన 6 మీటర్ల వెడల్పుంచి, మీటరు ఎత్తుకి రెండు మీటర్ల వాలు ఇస్తే, కిలోమీటరుకు ఎనిమిది వేలకు పైగా ఘనపు మీటర్ల మట్టి అదనంగా కావాలి. కంకర, గ్రావెల్ మనకి మెట్ట నుంచే రావాలి కాబట్టి రవాణా ఖర్చు ఎలాగూ ఉంది, దాని మీద ఇది. పైగా గట్టు పాదం రెండు వైపులా ఒకటిన్నర మీటరు చొప్పున బయటికి జరుగుతుంది. అక్కడుండేది చెరువు గట్టు. ఆ స్థలం ఎవరిస్తారో ఊరివాళ్లతో కలిసి దారి వెంట నడిచి చేసే సర్వేలోనే తేల్చి రాయించుకోండి. తేల్చకపోతే పని మొదలయ్యాక ఎత్తు తగ్గించేస్తారు.

మట్టి ఎంత బరువు మోస్తుందో చెప్పే సీబీఆర్ పరీక్ష నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి చేశారా అని అడగండి. పొడిగా చేస్తే మన నల్లమట్టి కూడా గట్టి మట్టిలాగే కనిపిస్తుంది. బండ్ల లెక్క మాసూళ్ల రోజుల్లోనూ తీయించండి. దమ్ము చక్రాలతో ట్రాక్టర్లు తారెక్కడం మాత్రం ఏ లెక్కలోనూ రాదు, దాన్ని ఊరే ఆపాలి. నాకు చాలా కోపం వచ్చే విషయమది.

కేంద్రం గ్రామీణ రోడ్ల పథకం పీఎంజీఎస్‌వై కింద వేసే రోడ్డయితే ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టులోనే ఉంటుంది. అందులో గుంతలు పూడ్చడమే కాదు, ఏటా వానలకి ముందు బెర్ము చెక్కడం ఉందో లేదో చూడండి. గడ్డి, మట్టి పేరుకుని బెర్ము తారు కంటే రెండంగుళాలు లేస్తే చాలు, వాననీళ్లు రోడ్డు మీదే నిలిచి పైనుంచి కూడా దిగుతాయి.