పదకొండు నిమిషాల బేరం

ప్రశ్న: కన్సల్టెన్సీ ద్వారా ఒక ఆఫర్ వచ్చింది. జీతం సంగతి మీ తరఫున మేమే మాట్లాడతాం అంటున్నారు, ఇవాళే ఒప్పుకోమని తొందర పెడుతున్నారు. అసలు వీళ్లకి డబ్బులు ఎవరిస్తారు? ఎంతవరకు నమ్మొచ్చు?

"మీ తరఫున" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. కన్సల్టెంట్‌కి డబ్బిచ్చేది కంపెనీ. ఆయన ఎంత మర్యాదగా మాట్లాడినా, ఎన్నిసార్లు ఫోన్ చేసి యోగక్షేమాలు అడిగినా, బిల్లు వెళ్లేది అటువైపే. ఈ ముక్క నాకు ముందే తెలుసు. అయినా మోసపోయాను, ఎందుకంటే లెక్క వేసి చూసుకోలేదు.

నా అసలు జీతం ఇక్కడ చెప్పను. ఏడాదికి 100 అనుకుందాం. అంతకు ఆఫర్ వచ్చింది, నేను 110 అడగమన్నాను. అది నెల చివరి వారం, సాయంత్రం ఆరు దాటింది. "తప్పకుండా అడుగుతానండీ, మీ కోసం గట్టిగా మాట్లాడతా" అని ఫోన్ పెట్టేశాడు. సరిగ్గా పదకొండు నిమిషాల్లో మళ్లీ ఫోన్. "చాలా ప్రయత్నించానండీ, బడ్జెట్ లేదంటున్నారు. ఇంకో క్యాండిడేట్ కూడా రెడీగా ఉన్నాడట. ఈ రాత్రికే ఒప్పుకుంటే మంచిది." నాకు చెమటలు పట్టాయి. ఒప్పేసుకున్నాను.

చేరిన ఆరు నెలలకి, క్యాంటీన్‌లో టీ తాగుతూ హెచ్ఆర్ మేడమ్‌తో మాటల్లో ఇది వచ్చింది. ఆవిడ నవ్వేసి, "మీరు అడగలేదు కదా! ఆ పోస్టుకి 115 దాకా అనుమతి ఉంది. 100కి సంతోషంగా వస్తున్నారని మీ కన్సల్టెంటే చెప్పాడు" అన్నారు. ఆ పదకొండు నిమిషాల్లో అతను ఎవరికి ఫోన్ చేశాడో ఇప్పటికీ నాకు తెలీదు. ఎవరికీ చెయ్యలేదనే నా నమ్మకం.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. శాశ్వత ఉద్యోగాలకి కన్సల్టెన్సీ తీసుకునే ఫీజు సాధారణంగా మొదటి ఏడాది జీతంలో ఇంత శాతం అని ఉంటుంది. లెక్కకి 20 శాతం అనుకోండి. నేను 100కి చేరితే వాళ్ల ఆఫీసుకి 20. అందులో నాతో మాట్లాడిన మనిషికి ఇన్సెంటివ్‌గా ఐదో వంతు వస్తుందనుకుంటే, 4. నాకు 110 ఇప్పిస్తే? నాకు ఏటా 10 ఎక్కువ. అతనికి పెరిగేది 0.4, అదీ ఒక్కసారే. ఆ 0.4 కోసం బేరం ఆడి, కంపెనీ వాళ్లు విసుక్కుని ఇంకొకరిని తీసుకుంటే 4 మొత్తం పోతుంది. మీరే చెప్పండి, అతని చోట మీరుంటే ఏం చేస్తారు? "జీతం పెరిగితే మాకూ లాభమే కదండీ" అని వాళ్లు అనేది అబద్ధం కాదు. ఆ లాభం అంత చిన్నదని మాత్రం చెప్పరు. పైగా ఆ నెల టార్గెట్ నిండకపోతే చాలాచోట్ల ఇన్సెంటివే ఉండదు. నెలాఖరు తొందర అక్కడి నుంచి పుడుతుంది.

ఇంకో సంగతి. చేరిన తర్వాత ప్రతి సోమవారం ఫోన్ చేసేవాడు, "ఎలా ఉందండీ, అంతా బాగుందా" అని. ఎంత మంచివాడో అనుకున్నాను. రెండో నెలలో మా మేనేజర్‌తో పడక, మానేద్దామనుకుంటున్నానని చెప్పాను. ఒక్కసారిగా గొంతు మారింది. "మూడు నెలలు ఓపిక పట్టండి సార్, ఆ తర్వాత మీ ఇష్టం." ఆ మూడు నెలల మర్మం ఏమిటంటే, గ్యారంటీ గడువు. ఆ లోపు మనిషి మానేస్తే కన్సల్టెన్సీ ఫీజులో కొంతో మొత్తమో వెనక్కివ్వాలి, లేదా ఇంకొకరిని ఉచితంగా చూపించాలి. మా కంపెనీ ఒప్పందంలో అది 90 రోజులు. తొంభై దాటాక నాకు సోమవారం ఫోన్లు రాలేదు.

పన్లో పనిగా ఇంకో కడుపుమంట కూడా చెప్పేస్తాను. మనల్ని అడక్కుండా రెజ్యూమెని కంపెనీలకి పంపేవాళ్లున్నారు. పైన మన ఫోన్ నంబరు, మెయిల్ తీసేసి వాళ్ల లోగో పెడతారు. మన రెజ్యూమె రెండు కన్సల్టెన్సీల నుంచి వెళ్లిందంటే, ఫీజు ఎవరికివ్వాలనే తగువు ఎందుకని కొన్ని కంపెనీలు మనల్నే పక్కన పెట్టేస్తాయి. ఒకసారి ఎవరైనా పంపాక, ఒప్పందాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో మనం "వాళ్ల క్యాండిడేట్" కిందే లెక్క. ఆ లోపు మనమే నేరుగా అప్లై చేసినా కంపెనీ వాళ్లకి ఫీజు కట్టాల్సిందే. అందుకే కంపెనీ పేరు చెప్పనిదే రెజ్యూమె పంపడానికి నేను ఒప్పుకోను, ఆ ఒప్పుకోవడం కూడా మెయిల్లోనే. ఇక "ఇంకా ఎక్కడెక్కడ ఇంటర్వ్యూలు ఇచ్చారు?" అని ఆరా తీస్తారు చూడండి, అందులో సగం మీ మీద శ్రద్ధ కాదు. ఎక్కడ ఖాళీలున్నాయో మీ ద్వారా తెలుసుకుని, రేపు పొద్దున్నే అక్కడికి వేరేవాళ్లని పంపడానికి.

అందరూ ఒకటే అనను. పెద్ద పోస్టులకి మనుషుల్ని వెతికే హెడ్‌హంటర్లకి కంపెనీ ముందే కొంత కడుతుంది, సాధారణంగా మూడు విడతల్లో. పని మొదలెట్టినప్పుడు ఒకటి, జాబితా ఇచ్చినప్పుడు ఒకటి, మనిషి కుదిరాక ఒకటి. ఫీజులో ఎక్కువ భాగం ముందే చేతికి వస్తుంది కాబట్టి మిమ్మల్ని ఇవాళే తోసెయ్యాలన్న ఆత్రం తక్కువ. "ఈ పోస్టు మీ ఒక్కరి దగ్గరే ఉందా? పాత మనిషి ఎందుకు మానేశారు?" అని అడిగి చూడండి. కంపెనీతో నిజంగా మాట్లాడినవాడు తడుముకోకుండా చెప్తాడు. వెబ్‌సైట్లో ప్రకటన చూసి ఫోన్ చేసినవాడు "కనుక్కుని చెప్తానండీ" అంటాడు.

కాంట్రాక్టు ఉద్యోగమైతే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ కంపెనీ కన్సల్టెన్సీకి గంటకింత అని ఇస్తుంది, అందులోంచి మీకిచ్చింది పోగా మిగిలేదే వాళ్ల మార్జిన్. మీకు ఎంత తగ్గిస్తే వాళ్లకి అంత మిగులు. అక్కడ "మీ తరఫున" అంటే నాకు నవ్వొస్తుంది. ఇక రిజిస్ట్రేషన్ అనో ట్రైనింగ్ అనో మీ దగ్గరే డబ్బు అడిగేవాళ్ల సంగతి వేరు, ఫోన్ పెట్టెయ్యండి. ఉద్యోగం వెతుక్కునేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందంలోనే ఉంది. కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి.

మీ ఆఫర్ సంగతికొస్తే, "కొంచెం పెంచమని అడగండి" అని మాత్రం అనొద్దు. నేను చేసిన తప్పు అదే. అతను భయపడేది బేరానికి కాదు, బేరం ఆడాక కూడా మీరు రారేమోనని. ఆ భయం తీసెయ్యండి. తర్వాతి ఉద్యోగానికి నేను వేరే కన్సల్టెంట్‌కి మెయిల్ పెట్టాను: "108 ఇస్తే ఈ రాత్రికే సంతకం చేసి పంపుతాను. 100కైతే రాను." మెయిల్లో హెచ్ఆర్‌ని కూడా కలిపాను. ఈసారి ఫోన్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. 107కి తెచ్చాడు.