పునుగుల నూనెతో విమానం ఎగురుతుందా?

ప్రశ్న: మాది రాజాం. మా అబ్బాయి జర్మనీ వెళ్లడానికి టికెట్ బుక్ చేస్తుంటే యాప్‌లో ‘సాఫ్ ఇంధనం వాడండి, కార్బన్ 80 శాతం దాకా తగ్గించండి’ అని ఒక బటన్ వచ్చింది. నొక్కితే డబ్బులు ఎక్కువ అడుగుతోంది. మా టిఫిన్ సెంటర్లో మాడిన నూనె కొనుక్కెళ్లే కుర్రాడు కూడా అది విమానాలకే పోతుందంటున్నాడు. నిజమేనా? బటన్ నొక్కమంటారా?

జవాబు: సాఫ్ అంటే సస్టైనబుల్ ఏవియేషన్ ఫ్యూయల్, ముడిచమురుకు బదులు వాడేసిన నూనెల్లాంటి వాటితో చేసే విమాన ఇంధనం. కుర్రాడి మాట నమ్మదగ్గదే. కాకపోతే వాడేసిన నూనె బయోడీజిల్ తయారీకి కూడా వెళ్తుంది. బయోడీజిల్ వేరు, సాఫ్ వేరు. బయోడీజిల్‌ని విమానంలో పొయ్యరు.

మీ మూకుడులోంచి వెళ్లిన నూనెలో పిండి తరకలు, ఉప్పు, నీరు ఉంటాయి. ముందు వాటిని తీసేయాలి, లేకపోతే ఖరీదైన ఉత్ప్రేరకం పాడవుతుంది. తర్వాత బాగా ఒత్తిడి పెట్టి, 300 డిగ్రీలు దాటిన వేడిలో హైడ్రోజన్‌తో కలుపుతారు. నూనెలో ఉన్న ఆక్సిజన్ నీటి రూపంలో, కొంత కార్బన్ డయాక్సైడ్ రూపంలో బయటికి పోతుంది. మిగిలేది 15 నుంచి 18 కార్బన్లున్న తిన్నని గొలుసులు. చిక్కంతా ఇక్కడే. చలికాలం పొద్దున్నే మీ ఇంట్లో కొబ్బరినూనె సీసా గడ్డకట్టినట్టే ఇవీ గడ్డకడతాయి. విమాన ఇంధనమేమో మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదు. అందుకని ఆ గొలుసుల్ని మళ్లీ విరిచి, పక్కకొమ్మలు వచ్చేలా మారుస్తారు. అప్పుడు కూడా నూనె మొత్తం సాఫ్ అవదు. కొంత డీజిల్‌గా, నాఫ్తాగా, ప్రొపేన్‌గా వెళ్లిపోతుంది.

ఇలా వచ్చిన సాఫ్‌ని మామూలు విమాన కిరోసిన్‌లో సగానికి మించి కలపనివ్వరు. ఏఎస్‌టీఎం డీ7566 అనే ప్రమాణం పెట్టిన హద్దు అది. కిరోసిన్‌లో ఉండే ఆరోమాటిక్స్ అనే పదార్థాలు ఈ సాఫ్‌లో దాదాపుగా ఉండవు. ఇంధన గొట్టాల్లో ఉండే రబ్బరు సీళ్లు వాటివల్లే కొద్దిగా ఉబ్బి బిగుసుకుంటాయి. అవి మరీ తగ్గితే, ముఖ్యంగా పాత సీళ్ల దగ్గర, ఇంధనం కారే ప్రమాదముంది. అందుకే మిశ్రమంలో కనీసం 8 శాతం ఉండి తీరాలన్నారు. 2023 నవంబరులో లండన్ నుంచి న్యూయార్క్‌కి ఒక విమానం కిరోసిన్ లేకుండా పూర్తిగా సాఫ్‌తోనే వెళ్లింది. దానికి కూడా ఈ ఆరోమాటిక్స్‌ని మొక్కల చక్కెరలతో విడిగా తయారుచేసి కలపాల్సి వచ్చింది.

ఇక అసలు సంగతి, ఆ 80 శాతం. ఇంజిన్ వెనక నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఏమీ తగ్గదు. కిలో కిరోసిన్ కాలిస్తే సుమారు 3.16 కిలోలు వస్తుంది, సాఫ్ కాల్చినా ఇంచుమించు అంతే. తేడా లెక్కలో ఉంది. నూనెలోని కార్బన్‌ని మొక్క అంతకుముందే గాలిలోంచి తీసుకుంది కాబట్టి దాన్ని వదిలేసి, సేకరణకూ రవాణాకూ హైడ్రోజన్‌కూ అయ్యే ఉద్గారాల్నే లెక్కేస్తారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పట్టికలో ఒక మెగాజౌల్ శక్తికి కిరోసిన్ ఉద్గారాలు 89 గ్రాములైతే, వాడేసిన వంటనూనెతో చేసిన సాఫ్‌వి 13.9 గ్రాములు. అంటే 84 శాతం తక్కువ. యాప్ చెప్పే అంకె ఇలాంటిదే.

అదే పట్టికలో మలేసియా, ఇండోనేసియాల తాజా పామాయిల్‌తో చేసినదాన్ని చూడండి. నూనె మిల్లు మురుగు కుంటల్లోంచి లేచే మీథేన్‌ని పట్టుకుంటే 76.5, వదిలేస్తే 99.1. రెండోది కిరోసిన్ కంటే ఎక్కువే! తోటల కోసం అడవి, పీట్ నేలలు పోవడాన్ని కూడా అందులో కలిపారు. అందుకే తాజా పామాయిల్‌కి ‘వాడేసిన నూనె’ అని పేరు పెట్టి అమ్మేవాళ్లంటే ఈ రంగంలో అంత టెన్షన్. మీ కుర్రాడు ఎవరి దగ్గర ఎన్ని లీటర్లు తీసుకున్నాడో రసీదు రాసిస్తున్నాడా లేదా అన్నది చిన్న విషయం కాదు. అది నిజంగా వాడేసిన నూనే అని ఇచ్చే సర్టిఫికెట్‌కి ఆ కాగితాల వరసే ఆధారం.

పైగా ఆ 84 శాతం కలపని సాఫ్‌కి. యూరోపియన్ యూనియన్లో ఇంధనం సరఫరా చేసేవాళ్లు 2025 నుంచి సగటున 2 శాతం సాఫ్ కలపాలి. మీవాడు తిరిగొచ్చే విమానంలో సరిగ్గా అంతే ఉందనుకుంటే, 2 శాతంలో 84 శాతం, అంటే తగ్గేది 1.7 శాతం. మన దేశంలో అంతర్జాతీయ విమానాలకు పెట్టుకున్న లక్ష్యం 2027లో 1 శాతం, 2030లో 5 శాతం.

మీరు బటన్ నొక్కి డబ్బు కట్టినా ఆ ఇంధనం మీవాడి విమానంలోకే రానక్కర్లేదు. ఎక్కడో ఒక ఎయిర్‌పోర్టులో పోసి, లెక్క మీ టికెట్‌కి రాస్తారు. ఇది మోసమేం కాదు, లీటరు నిజంగా కొని, అదే లీటరును ఇంకొకరికి అమ్మకపోతే చాలు. బటన్ కింద చిన్న అక్షరాల్లో మూడు సంగతులు వెతకండి: ముడిసరుకు ఏమిటి, మీ డబ్బుకు ఎన్ని లీటర్లు, చట్టం ఎలాగూ కలపమన్నదానికి ఇది అదనమా కాదా. మూడోది చాలా యాప్‌లు చెప్పవు. అది చెప్పని చోట నేనైతే నొక్కను.