కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందా?

ప్రశ్న: మా డాబా మీద 40 కుండీల దాకా ఉన్నాయి, అన్నీ 12 అంగుళాలవే. నర్సరీవాళ్లు చెప్పారని ప్రతి దాంట్లో అడుగున 3 అంగుళాలు గులకరాళ్లు పోసి, పైన ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాను. అయినా వానలు మొదలయ్యాక నిమ్మ ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. పైన మట్టి ఆరినట్టే కనిపిస్తుంది, లోపలికి వేలు పెడితే బురద. రాళ్లు ఇంకా ఎక్కువ పోయాలా?
– ఒక పాఠకురాలు, మర్రిపాలెం, విశాఖపట్నం

జవాబు: ఇంకా పోయకండమ్మా. ఉన్నవి కూడా తీసేయాల్సినవే. నీరు దిగడం, దిగకపోవడం రాళ్లకు పైన ఉన్న మట్టిని బట్టి ఉంటుంది. మీ నిమ్మకు వచ్చిన ఇబ్బంది ఆ మట్టిలోనే ఉంది.

రాళ్ల మధ్య పెద్ద సందులు ఉంటాయి కాబట్టి నీరు గబగబా కిందికి జారిపోతుందని అందరం అనుకుంటాం. రాళ్లలోకి వచ్చిన నీరు జారిపోయే మాట నిజమే. కానీ నీరు ముందు మట్టిని వదిలి రాళ్లలోకి రావాలి కదా, చిక్కంతా అక్కడే ఉంది. మట్టి రేణువుల మధ్య ఉండే సన్నటి సందులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. రాళ్ల మధ్య ఉన్న పెద్ద ఖాళీలకు ఆ పట్టు ఉండదు. అందుకని మట్టి, రాళ్లు కలిసే చోటికి వచ్చిన నీరు అక్కడే ఆగిపోతుంది. ఆ చోట మట్టి పూర్తిగా నానిపోయి, ఇక ఒక్క చుక్క కూడా పట్టుకోలేని స్థితికి వచ్చాకే మిగిలిన నీరు కిందికి కారుతుంది. కారడం ఆగిపోయాక కూడా ఆ నానిన పొర అలాగే ఉంటుంది. అందులో గాలికి చోటుండదు.

ఇలాంటి నానిన పొర రాళ్లు లేని కుండీలోనూ ఉంటుంది, అడుగున, రంధ్రాలకు కాస్త పైన. దాని ఎత్తు మట్టి మిశ్రమాన్ని బట్టి మారుతుంది. మెత్తటి బంకమట్టిలో ఎక్కువ, గుల్లగా ఉండే మిశ్రమంలో తక్కువ. కుండీ పొడుగైనా పొట్టిదైనా, ఒకే మిశ్రమం నింపితే ఆ ఎత్తు ఇంచుమించు మారదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీ కుండీలో ఏం జరుగుతోందో అర్థమైపోతుంది.

మీ కుండీనే లెక్కలోకి తీసుకుందాం. పైన నీళ్లు పోయడానికి ఒక అంగుళం వదిలితే లోపల 11 అంగుళాల లోతు దక్కుతుంది. మీ మట్టిలో నానిన పొర 3 అంగుళాలు ఉందనుకోండి. రాళ్లు లేకపోతే అడుగున 3 అంగుళాలు తడిగా ఉన్నా, పైన 8 అంగుళాల మట్టిలో వేళ్లకు గాలి ఆడుతుంది. 3 అంగుళాలు రాళ్లు పోస్తే మిగిలే మట్టి 8 అంగుళాలు. అందులోనూ నానిన పొర 3 అంగుళాలు ఉంటుంది, కాకపోతే రాళ్ల నెత్తిన కూర్చుంటుంది. వేళ్లకు మిగిలేది 5 అంగుళాలే. రాళ్లు ఎంత పెంచితే బురద అంత పైకి, వేళ్లకు అంత దగ్గరగా వస్తుంది.

నమ్మకం కుదరకపోతే గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకుని నీళ్లలో బాగా నానబెట్టండి. అరచేతిలో బల్లపరుపుగా పెట్టుకుని, పిండకుండా, కారడం ఆగేదాకా ఆగండి. ఆగాక దాన్ని పొడుగ్గా నిలబెట్టండి. మళ్లీ ధార కడుతుంది. స్పాంజి అదే, సందులు అవే, పెరిగింది ఎత్తు ఒక్కటే. కుండీలో మట్టి ఎత్తు తగ్గితే నీరు ఎందుకు నిలుస్తుందో, పొడుగాటి కుండీలో ఎందుకు బాగా దిగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కుండీ మీద కూడా ఇదే చేసి చూడవచ్చు. నీళ్లు పోశాక రంధ్రాల నుంచి చుక్కలు ఆగేదాకా ఆగి, కుండీని ఒక పక్కకు బాగా వంచితే ఇంకా కొంత నీరు బయటికి వస్తుంది.

ఒక మాట చెప్పాలి. మిశ్రమం ముతకగా, గుల్లగా ఉంటే అడుగున ఉన్న రాళ్లు పెద్దగా చెరుపు చేయవు. కొన్ని రకాల మిశ్రమాల్లో అలాంటి పొర వల్ల కుండీలో నిలిచే నీరు కొంత తగ్గినట్టు ఈమధ్య చేసిన పరీక్షల్లో కనిపించింది కూడా. కానీ మీరు నింపింది మన విశాఖ చుట్టుపక్కల దొరికే ఎర్రమట్టి. అందులో బంక పాలు ఎక్కువ. కుండీలో పోసి నాలుగు వానలు పడేసరికి అది అణిగి గట్టిపడుతుంది. దానికింద రాళ్లు పోసినంత మాత్రాన నీరు దిగదు.

డాబా బరువు కూడా ఆలోచించండి. 12 అంగుళాల కుండీలో 3 అంగుళాల రాళ్లంటే 7 కిలోల దాకా తూగుతాయి. 40 కుండీలకు దాదాపు 280 కిలోలు. ఏ ఉపయోగమూ లేకుండా అంత బరువు శ్లాబు మీద ఎందుకు?

ఇక నిమ్మ సంగతి. ముందు ఆకు చూడండి. లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఎక్కువగా ఇనుము లాంటి పోషకాల లోపం. అలాకాకుండా ఈనెలే పసుపుపచ్చగా మారి, ముదురు ఆకులు రాలుతూ, మట్టి తడిగా ఉన్నా మొక్క వాడినట్టు కనిపిస్తే వేళ్లు దెబ్బతిన్నట్టే. తేల్చుకోవాలంటే కుండీ అంచున మట్టిని కొంచెం తవ్వి ఒక సన్నటి వేరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. మంచి వేరు గట్టిగా, లేత గోధుమ రంగులో ఉంటుంది. కుళ్లిన వేరుకు పైతోలు ఊడి చేతికి వస్తుంది, లోపల దారంలాంటి నడుమ భాగం మిగులుతుంది. మట్టి పుల్లగా, మురుగు వాసన వేస్తుంది.

కుళ్లు కనిపిస్తే వాన తెరిపి ఇచ్చిన రోజు చూసుకుని ఆ మొక్కను తీయండి. కుళ్లిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో మంచి భాగం వచ్చేదాకా కత్తిరించండి. వేళ్లు ఎంత పోయాయో దానికి తగ్గట్టు పైకొమ్మలూ కొంత తగ్గించి, కొత్త మిశ్రమంలో నాటండి. నాటాక లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు దగ్గర మట్టి తడిసేలా పోయండి. కుళ్లు లేని మొక్కలను వానల్లో కదిలించవద్దు. వాటిని పళ్లేల్లోంచి తీసి, కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తి, వానలు తగ్గాక ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు.

కొత్త మిశ్రమంలో ఎర్రమట్టి నాలుగో వంతుకు మించకూడదు. అదే కొలతతో మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, రెండు మూడుసార్లు నీళ్లలో కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, ముతక పదార్థం ఒక పాలు వేయండి. ముతక పదార్థం అంటే శనగగింజంత ఇటుక ముక్కలు కావచ్చు, పెర్లైట్ కావచ్చు. ఇటుకను కొట్టాక తప్పకుండా జల్లెడ పట్టండి, పొడి కలిస్తే అది సందుల్లో చేరి మొదటికే మోసం వస్తుంది. ఈ ముక్కలను అడుగున పొరగా పరవకుండా మట్టి అంతటా కలపాలి. అలా కలిపితేనే ప్రతి చోటా పెద్ద సందులు ఏర్పడి నీరు కిందిదాకా దారి చేసుకుంటుంది.

బంకమట్టిలో గుప్పెడు ఇసుక కలిపితే సరిపోతుందని చాలామంది అంటారు. కొద్దిపాటి సన్న ఇసుక రేణువులు బంకలో ఇరుక్కుని ఇంకా గట్టిపడేలా చేస్తాయి. సముద్రపు ఒడ్డు ఇసుక అయితే అసలు వద్దు. అది సన్నగా ఉండటమే కాక దాంట్లో ఉప్పు ఉంటుంది, నిమ్మజాతి మొక్కలు ఉప్పును తట్టుకోలేవు.

రంధ్రాల విషయంలో చాలామంది పొరపాటు పడుతుంటారు. కుండీని నేరుగా శ్లాబు మీద పెడితే రంధ్రాలు నేలకు ఆనుకుని మూసుకుపోతాయి, లోపలి నీరు దిగే దారి ఉండదు. మూడు వైపులా ఇటుక ముక్కలు పెట్టి ఒక అంగుళం ఎత్తండి. ప్లాస్టిక్ కుండీకి అడుగున మాత్రమే కాక, పక్కన అడుగుకు అర అంగుళం పైన కూడా నాలుగు రంధ్రాలు చేయించండి. మట్టి జారిపోకుండా రంధ్రం మీద దోమతెర ముక్క గానీ, వెడల్పాటి పెంకు ముక్క ఒక్కటి గానీ వేస్తే చాలు. అడుగున పళ్లేలు ఉంటే వానాకాలమంతా తీసేయండి, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరులో తుపానులు వచ్చే రోజుల్లో.

ఇప్పుడే మార్చలేని కుండీలకు ఒక ఉపాయం ఉంది. నైలాన్ తాడు లేదా పాత సింథటిక్ గుడ్డ పేలిక ఒక అడుగు పొడుగుది తీసుకుని, రంధ్రంలోంచి పుల్లతో లోపలికి దోపి, రాళ్లను దాటి మట్టిలోకి రెండు మూడు అంగుళాలు వెళ్లేలా చేయండి. మిగతాది కుండీ కింద వేలాడనివ్వండి. అది నానిన పొరలోని నీటిని కిందికి లాగుతుంది. కుండీ ఎత్తుగా ఉండి తాడు కొస కిందికి వేలాడితేనే ఇది పనిచేస్తుంది, నేల మీద చుట్టలా పడి ఉంటే లాభం లేదు.

రాళ్ల పొర అవసరమయ్యే చోటు ఒకటి ఉంది. డాబా మీద శ్లాబును ఆనుకుని పెద్ద మడి కట్టుకుంటే, అడుగుకు చేరిన నీరు అడ్డంగా నడిచి తూముదాకా పోవాలి. అక్కడ కంకరపొర, దాని మీద మట్టి జారకుండా గుడ్డ పరుస్తారు. ఆ పొర నీటిని తూముకు చేర్చడానికే. పైన మట్టి గుల్లగా లేకపోతే అక్కడా ఇదే గొడవ. రంధ్రాలున్న మీ కుండీల్లో నీరు తిన్నగా కిందికే పోతుంది కాబట్టి ఆ పని లేదు.

కొత్తగా నింపిన కుండీ ఎలా ఉందో చూడాలంటే నిండా నీళ్లు పోసి, కారడం ఆగాక ఒక పొడి వెదురు పుల్లను అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచండి. తీసి చూస్తే అడుగు భాగంలో తడికి నల్లబడిన మేర నానిన పొర ఎత్తు చూపిస్తుంది. అది రెండు అంగుళాలకు మించితే ముతక ముక్కలు ఇంకా కలపాలి. నిమ్మను నాటిన మొదటి మూడు వారాలూ ఎరువు వేయకండి. కొత్త వేళ్లు పట్టి లేత చిగురు కనిపించాక మొదలుపెట్టండి, ఈలోగా పై రెండు అంగుళాల మట్టి ఆరాకే నీళ్లు పోయండి.