బ్రాండ్ పొజిషనింగ్, బ్రాండ్ ఐడెంటిటీ ఒకటేనా?

కొత్తగా పచ్చళ్ల కొట్టు పెడుతున్నాను. బ్రాండ్ పొజిషనింగ్‌కీ ఐడెంటిటీకీ తేడా ఏంటి?

పక్కనే ఇంకో కొట్టు ఉన్నా కస్టమర్ మీ దగ్గరికే ఎందుకు రావాలో అతని మనసులో ఉండే కారణం పొజిషనింగ్. మిమ్మల్ని గుర్తుపట్టించే పేరు, రంగు, బోర్డు, ప్యాకింగ్, మాట తీరు ఐడెంటిటీ. ఐడెంటిటీ పూర్తిగా మీ చేతిలోదే. పొజిషనింగ్ మాత్రం పోటీదారుతో పోల్చినప్పుడే తేలుతుంది, అందుకే ఎదురుగా కొత్త కొట్టు తెరిస్తే మీరేమీ మార్చకపోయినా అది మారిపోవచ్చు.

1969లో అహ్మదాబాద్‌లో మొదలైన నిర్మానే చూడండి. సర్ఫ్ కొనలేని ఇళ్లకు బాగా తక్కువ ధరలో దొరికే బట్టల పౌడర్, ఇది దాని పొజిషనింగ్. పసుపు రంగు పౌడర్, ప్యాకెట్ మీద తెల్ల గౌను పాప, అందరికీ నోటికొచ్చిన ప్రకటన పాట, ఇవన్నీ ఐడెంటిటీ.

చాలామంది మంచి లోగో, మెరిసే బోర్డు పెడితే పొజిషనింగ్ అయిపోయిందనుకుంటారు. కాదు. 'నూనె తక్కువ, పెద్దవాళ్లకు కారం తక్కువ' అని ముందు తేల్చుకుంటేనే పేరూ లేబులూ ఎలా ఉండాలో తెలుస్తుంది. జాడీలో నూనె తేలుతుంటే ఎంత మంచి లేబులైనా ఆ మాటను నిలబెట్టలేదు.